ఒకే #N/A, మూడు కారణాలు

ఎక్సెల్‌లో ఒక షీట్‌లోని నంబరును ఇంకో షీట్‌లో వెతికి, దాని పక్కనున్న వివరాన్ని తెచ్చిపెట్టే ఫార్ములా VLOOKUP. ఆఫీసుల్లో, స్కూళ్లలో, దుకాణాల లెక్కల్లో దీని వాడకం ఎక్కువ. ఇది మొరాయించినప్పుడు చాలామంది ఫార్ములాను మాత్రం కాపీ చేసి, తెలిసినవాళ్లకు ‘పనిచేయట్లేదు’ అని ఒక్క మాటతో పంపిస్తారు. అవతలివాళ్లు దాన్ని ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు. చాలాసార్లు తప్పు ఫార్ములాలో ఉండదు, అది వెతికే డేటాలో ఉంటుంది.

ఒక స్కూలు ఆఫీసును ఉదాహరణగా తీసుకుందాం. మొదటి షీట్‌లో విద్యార్థుల అడ్మిషన్ నంబర్లు రెండో వరుస నుంచి 1041, 1042, 1043 అంటూ వరుసగా ఉన్నాయి. Fees అనే రెండో షీట్‌లో ఫీజు కట్టిన రోజును బట్టి నమోదులు ఉన్నాయి: మొదటి కాలమ్‌లో అడ్మిషన్ నంబరు, రెండో దాంట్లో తేదీ, మూడో దాంట్లో మొత్తం. ఎవరెంత కట్టారో మొదటి షీట్‌లోకి రావాలని రెండో వరుసలో ఇలా రాసి కిందికి లాగారు.

```
=VLOOKUP(A2,Fees!A2:C300,3,FALSE)
```

A2లోని నంబరును Fees షీట్ మొదటి కాలమ్‌లో వెతుకు, దొరికితే అదే వరుసలో మూడో కాలమ్‌లో ఉన్నది ఇవ్వు, అచ్చంగా అదే నంబరైతేనే ఇవ్వు. దీని అర్థం ఇంతే. రాతలో దోషమేమీ లేదు. ఫంక్షన్ పేరు తప్పుగా రాస్తే #NAME? వచ్చేది. మూడు కాలమ్‌లే ఉన్నచోట నాలుగోది అడిగితే #REF! వచ్చేది. ఇక్కడ 1044, 1045, 1047 నంబర్ల పక్కన వచ్చింది #N/A. అంటే వెతికాను, దొరకలేదు అని. ఎందుకు దొరకలేదో ఆ గుర్తు చెప్పదు. ఈ మూడింటికీ కారణాలు వేరువేరు.

1047 విషయం చూస్తే, ఆ విద్యార్థి ఫీజు కట్టాడు. Fees షీట్ ఐదో వరుసలో నమోదై ఉంది. మొదటి షీట్‌లో 1047 ఉన్నది ఎనిమిదో వరుసలో. ఫార్ములాను కిందికి లాగినప్పుడు A2తోపాటు వెతికే పరిధి కూడా వరుసకొక మెట్టు జారింది. ఎనిమిదో వరుసకు వచ్చేసరికి అది Fees!A8:C306 అయింది. ఐదో వరుస పరిధి బయటే ఉండిపోయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సాయం అడిగేవాళ్లు సాధారణంగా మొదట రాసిన ఫార్ములానే పంపుతారు. అది సరిగ్గానే ఉంటుంది. తప్పున్నది ఎనిమిదో వరుసలోని ఫార్ములాలో. కాబట్టి ఎర్రర్ కనిపిస్తున్న గడిలోని ఫార్ములానే పంపాలి, అది ఏ గడిలో ఉందో కూడా రాయాలి. చూసేవాళ్లు A8 దగ్గరే తప్పు పట్టేస్తారు. పరిధికి డాలర్ గుర్తులు పెట్టి $A$2:$C$300 అని రాస్తే అది ఎక్కడికీ జారదు.

1044 సంగతి ఇంకా చిక్కైనది. Fees షీట్ తొమ్మిదో వరుసలో ఆ నంబరు కంటికి స్పష్టంగా కనిపిస్తోంది. పరిధి లోపలే ఉంది కూడా. కానీ ఆ వరుసను ఒక వెబ్ పేజీ నుంచి కాపీ చేసి అతికించారు. నంబరు చివర కంటికి కనిపించని ఒక ఖాళీ వెంట వచ్చింది. దాంతో ఎక్సెల్ దాన్ని సంఖ్యగా కాక అక్షరాల ముక్కగా భావిస్తోంది. సంఖ్య 1044, అక్షరాల్లో 1044 దాని దృష్టిలో వేరువేరు. పొడవు కొలిస్తే గుట్టు బయటపడుతుంది.

```
=LEN(Fees!A9)
=UNICODE(RIGHT(Fees!A9,1))
```

మొదటిది 4కు బదులు 5 ఇస్తుంది. రెండోది 160 ఇస్తుంది. మామూలు ఖాళీ అయితే 32 వచ్చేది. 160 అనేది వెబ్ పేజీల్లో పదాలు విడిపోకుండా వాడే ప్రత్యేకమైన ఖాళీ. అందుకే ఖాళీలు తీసేసే TRIM ఫంక్షన్ వాడినా ఇది పోదు. ‘TRIM కూడా చేశాను, అయినా రాలేదు’ అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. పక్కనున్న ఖాళీ కాలమ్‌లో కింది ఫార్ములా రాసి, అన్ని వరుసలకూ లాగి, వచ్చిన ఫలితాలను కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా మొదటి కాలమ్ మీద అతికిస్తే నంబర్లన్నీ మళ్లీ సంఖ్యలవుతాయి.

```
=VALUE(SUBSTITUTE(A2,UNICHAR(160),""))
```

ఇక 1045. ఆ విద్యార్థి నిజంగానే ఫీజు కట్టలేదు. అక్కడ #N/A తప్పు కాదు, సరైన జవాబే.

డేటా లేకుండా ఈ మూడింటినీ వేరు చేయడం ఎవరి తరమూ కాదు. స్క్రీన్‌షాట్ కూడా అంతంత మాత్రమే, ఎందుకంటే 160 నంబరు ఖాళీ బొమ్మలో కనిపించదు. అంతకన్నా పెద్ద పొరపాటు నమూనాను చేత్తో కొత్తగా టైప్ చేసి పంపడం. టైప్ చేసిన 1044 శుభ్రమైన సంఖ్య. పంపిన ఫైల్‌లో ఫార్ములా చక్కగా పనిచేస్తుంది, ఇంటి దగ్గర మాత్రం ఎర్రర్ అలాగే ఉంటుంది. ఫైల్‌ను మొత్తంగా ఇంకో పేరుతో సేవ్ చేసి, ఆ కాపీలో పేర్లు, ఫోన్ నంబర్లు మార్చి, అడ్మిషన్ నంబరు కాలమ్‌ను మాత్రం ముట్టుకోకుండా పంపాలి. వరుసలు తొలగిస్తే పరిధులు మారిపోతాయి కాబట్టి వాటిని అలాగే వదలడం మేలు. సందేశంలో ఎర్రర్ వస్తున్న రెండు మూడు గడులు, సరిగ్గా వస్తున్న ఒకటి రెండు గడులు పేర్కొంటే, చూసేవాళ్లకు పోల్చడానికి ఆధారం దొరుకుతుంది.

ఆ గడుల్లో అసలు ఏం రావాలో కూడా రాయాలి. ఈ స్కూలు లెక్కలోనే 1042 రెండు విడతలుగా 4,000, 3,500 కట్టాడనుకుందాం. VLOOKUP మొదట కనిపించిన 4,000 దగ్గరే ఆగిపోతుంది. ఎర్రర్ ఏదీ రాదు, కానీ లెక్క తప్పు. ఇక్కడ 7,500 రావాలి అని ఒక్క మాట రాసి ఉంటే, వెతికే ఫార్ములా కాదు, కూడే SUMIF కావాలని చూసినవాళ్లు వెంటనే చెప్పగలుగుతారు.

విసిగిపోయినవాళ్లు ఒక్కోసారి ఫార్ములాను IFERRORలో చుట్టి, ఎర్రర్ వచ్చినచోట ‘కట్టలేదు’ అని వచ్చేలా చేస్తారు. షీట్ చూడ్డానికి బాగుంటుంది. కానీ ఫీజు కట్టిన 1044, 1047 ఇంటికి కూడా బాకీ నోటీసు వెళ్తుంది. పరిధి జారకుండా కట్టేసి, నంబర్లు శుభ్రం చేశాక #N/A మిగిలేది 1045 దగ్గర మాత్రమే. ఆ మాట చేర్చవలసింది అప్పుడే. విడతలు లేకుండా ఒకేసారి కట్టే ఫీజైతే రెండో వరుసలో రాసి కిందికి లాగాల్సిన ఫార్ములా ఇది.

```
=IFNA(VLOOKUP(A2,Fees!$A$2:$C$300,3,FALSE),"కట్టలేదు")
```