వార్తల్లో పదం: పీపీపీడీ

చెవి లోపలి జబ్బు తగ్గినా, పడవలో ఉన్నట్టు ఊగే తూలు మూడు నెలలు దాటి చాలా రోజుల్లో వేధిస్తుంటే దాన్ని ‘పర్సిస్టెంట్ పోస్చరల్ పర్సెప్చువల్ డిజ్జినెస్’ అంటారు. వైద్యులు ‘త్రీపీడీ’ అని పిలుస్తారు. తూలు జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ 2017లో దీని నిర్ధారణ ప్రమాణాలను ప్రకటించింది.

చెవి లోపలి సమతూక నాడి వాచే వెస్టిబ్యులర్ న్యూరైటిస్ వచ్చిందనుకుందాం. పడిపోకుండా మెదడు చూపునే ఎక్కువగా నమ్ముతుంది, ఒళ్లు బిగబట్టిస్తుంది. చెవి కోలుకున్నా కొందరిలో ఆ కాపలా సడలదు. పైగా ‘మళ్లీ పడతానేమో’ అన్న భయం దాన్ని పెంచుతుంది. అందుకే నిలబడినా, నడిచినా, సూపర్‌మార్కెట్ అరల మధ్యకు వెళ్లినా తూలు ఎక్కువవుతుంది. స్కాన్‌లు మామూలుగానే ఉండొచ్చు. అంతమాత్రాన ఇది నటన కాదు.

చికిత్సలో ముఖ్యమైనది వెస్టిబ్యులర్ రీహాబిలిటేషన్. గోడమీది అక్షరంపై చూపు నిలిపి, తలను అటూ ఇటూ తిప్పడం అందులో ఒక వ్యాయామం. మొదట కొద్దిసేపే చేయాలి. కాస్త తూలు రావడం సహజమే, గంటల తరబడి ఉంటే మోతాదు తగ్గించాలి. అవసరమైతే ఎస్ఎస్ఆర్ఐ మందులు, కౌన్సెలింగ్ తోడవుతాయి. తూలును అణిచే మాత్రలు దీర్ఘకాలం వాడితే మెదడు సర్దుబాటు మందగిస్తుంది.

హఠాత్తుగా మాట తడబడినా, ఒక పక్క బలం తగ్గినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.