లిఫ్టు ఏఎంసీ గడువు ముగిసేలోపు రాయాల్సిన ఉత్తరం

మార్చి 30 సాయంత్రం అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఫోన్ చేసి, ‘సార్, మన లిఫ్టు ఏఎంసీ రేపటితో అయిపోతోంది, రెన్యూ చేసేద్దామా?’ అని అడిగితే ఆయన ఏం చెబుతారు? ‘కమిటీలో మాట్లాడి చెప్తానండీ’ అంటారు. అది తప్పించుకునే మాట కాదు. సంతకం ఆయనదే అయినా నిర్ణయం ఆయన ఒక్కరిదీ కాదు. కమిటీ కూర్చునేది నెలకోసారి. కూర్చున్నాక ఎవరో ఒకరు ‘ఇంకో కొటేషన్ తీసుకుందాం’ అంటారు. ఆ రెండో కంపెనీవాళ్లు వచ్చి లిఫ్టు చూసి రేటు చెప్పేసరికి ఇంకో పది రోజులు. అందుకే ఫిబ్రవరి మొదటి వారంలోపే ఉత్తరం వాళ్ల చేతిలో ఉండాలి.

ఆ ఉత్తరం సెక్రటరీకి రాస్తున్నట్టు ఉన్నా, నిజానికి మనం ఎప్పుడూ చూడని కమిటీ సభ్యులు చదివేది. మనం లేనిచోట మన తరఫున అదే మాట్లాడాలి. ‘మీ సహకారానికి ధన్యవాదాలు, మా సేవలు కొనసాగించగలరు’ అన్న రెండు వాక్యాలతో అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, ఆరుగురు పట్టే లిఫ్టు ఒకటి. పాత రేటు ఏడాదికి 28,000 రూపాయలు, కొత్తది 30,800. ఉత్తరంలో అసలు భాగం ఇలా ఉంటే చాలు:

‘మీ లిఫ్టు ఏఎంసీ మార్చి 31తో ముగుస్తోంది. ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి రెన్యువల్ రేటు 30,800 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 5,544, మొత్తం 36,344. నిరుటి మొత్తం 33,040. పెరిగింది 3,304 రూపాయలు, ఫ్లాటుకు ఏడాదికి సుమారు 165. నెలకోసారి సర్వీసు, పిలిచినప్పుడు ఉచితంగా రావడం, డోర్ సెన్సర్, కంట్రోలర్ కార్డు, రోపుల మార్పు ఇందులోనే. ఏఆర్‌డీ బ్యాటరీలు, పిట్‌లో నీళ్లు చేరి లేదా పిడుగు పడి పాడైన భాగాలు ఇందులో రావు. మార్చి 15లోపు కమిటీ నిర్ణయం తెలపండి.’

ఫ్లాటుకు 165 అన్న లెక్క మనమే కట్టి ఇవ్వడంలో చిన్న కిటుకు ఉంది. ‘పది శాతం పెంచారు’ అంటే మీటింగులో గొంతులు లేస్తాయి. అదే మాట ఇంటికి ఇంత అని పంచి చూపిస్తే చర్చ చల్లబడుతుంది. అయితే పెంపు ఎందుకో ఒక్క వాక్యమైనా రాయకపోతే అది మాయలెక్కలాగే కనిపిస్తుంది. టెక్నీషియన్ జీతం పెరిగిందా, లిఫ్టు పాతబడి భాగాలు తరచూ మార్చాల్సి వస్తోందా, ఉన్నదేదో చెప్పేయాలి.

‘ఇందులో రావు’ అన్న వాక్యం రాయడానికి కంపెనీలు జంకుతాయి. కానీ గొడవలు మొదలయ్యేది అక్కడే. ‘కాంప్రహెన్సివ్’ అని పైన ఒక్క మాట రాసి ఊరుకుంటే అన్నీ ఉచితమే అనుకుంటారు. కరెంటు పోయినప్పుడు లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీ బ్యాటరీ డిసెంబరులో చచ్చిపోయి బిల్లు వేస్తే, మోసం అంటారు.

కొందరు చివర్లో ‘జవాబు రాకపోతే అంగీకరించినట్టే భావిస్తాం’ అని తగిలిస్తారు. మౌనం అర్ధాంగీకారమన్న మాట మనకు నోటికొచ్చినదే కానీ, కాంట్రాక్టుల విషయంలో అది చెల్లదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారాన్ని ఏదో ఒక విధంగా తెలపాలి, అదీ షరతుల్లేకుండా. కమిటీ ‘29,500కైతే ఓకే’ అని రాసిచ్చినా అది అంగీకారం కాదు, వాళ్ల ప్రతిపాదన. దానికి మనం ఒప్పుకుంటేనే కాంట్రాక్టు.

జవాబు రాకుండానే గడువు దాటితే ఏం జరుగుతుందో కూడా ముందే రాసిపెట్టాలి. ఏప్రిల్ 5న లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగి లోపల ఎవరో ఇరుక్కుంటే మన మనిషి వెళ్లకుండా ఉండడు. వెళ్లాక బిల్లు ఎవరిది? ‘ఏప్రిల్ 1 తర్వాత పిలిస్తే విజిట్‌కు 1,500, భాగాల ఖర్చు అదనం. నెల దాటాక రెన్యూ చేస్తే ముందు లిఫ్టు తనిఖీ చేసి, పాడైనవి మీ ఖర్చుతో మార్చాకే కాంట్రాక్టు’ అని ఫిబ్రవరిలో రాస్తే షరతు. ఇరుక్కున్నవాళ్లను బయటికి తీశాక చెబితే దోపిడీ.

మార్చి 15 దాటినా ఉలుకూపలుకూ లేకపోతే మళ్లీ అంతా రాయక్కర్లేదు. తేదీ, మొత్తం, ‘పాత ఉత్తరం జతచేశాం’ అన్న మూడు ముక్కలు వాట్సాప్‌లో పెట్టి, ఒకసారి ఫోన్ చేస్తే సరి. వద్దనుకున్నామని చెబితే, 31న సర్వీసు రిజిస్టరు, ల్యాండింగ్ డోర్ తాళంచెవి, కంట్రోలర్ పాస్‌వర్డ్ అప్పగించి అందినట్టు సంతకం తీసుకోవాలి. పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకుని క్లయింటును కట్టిపడేసే కంపెనీలు ఉన్నాయి. అలాంటివాళ్లను మరుసటేడు కొటేషన్ అడిగేవాళ్లు ఉండరు.