ఫీజు రసీదులో పన్నుకు పనికొచ్చే పద్దు ఒక్కటే

జనవరి వచ్చిందంటే ఆఫీసుల్లో పన్ను మినహాయింపు కాగితాలు అడుగుతారు. పిల్లల ఫీజు రసీదులన్నీ ముందేసుకుని, ప్రతిదాని అడుగున ఉన్న మొత్తాలను కూడి ఆ అంకె రాసిచ్చేస్తాం. తప్పు అక్కడే జరుగుతుంది. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి 2025–26 వరకు సెక్షన్ 80సీ ఇచ్చిన మినహాయింపు ట్యూషన్ ఫీజుకే. అదీ ఇద్దరు పిల్లలకే, మన దేశంలోని బడిలోనో కాలేజీలోనో చదివే పూర్తికాలపు చదువుకే. డొనేషన్, డెవలప్‌మెంట్ ఫీజులను చట్టమే పక్కన పెట్టింది. బస్సు, హాస్టల్, మెస్, పుస్తకాలు, యూనిఫాం ట్యూషన్ కిందికి రావు. కొత్త విధానంలో ఉన్నవారికి ఈ మినహాయింపే లేదు.

అందుకే కూడాల్సింది రసీదులను కాదు, రసీదుల్లోని పద్దులను. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ అయిదు గడులు పెట్టుకోండి: కట్టిన తేదీ, రసీదు నంబరు, పిల్లల పేరు, పద్దు, మొత్తం. ఒక రసీదులో మూడు పద్దులుంటే మూడు వరుసలు రాయాలి. బస్సు ఫీజు ఎలాగూ పనికిరాదని వదిలేయకండి. అన్నీ రాస్తేనే పద్దుల కూడిక రసీదు అడుగున ఉన్న మొత్తంతో సరిపోయిందో లేదో తెలుస్తుంది. సరిపోలేదంటే ఏదో పద్దు జారిపోయినట్టు, లేదా రాయితీ తీసేయడం మరిచినట్టు.

2025–26 ఆర్థిక సంవత్సరానికి ఒక ఇంటి లెక్క చూద్దాం. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. ఏడో తరగతి మూడో టర్మ్ బాకీ 12,000 రూపాయలు 2025 ఏప్రిల్ 8న కట్టారు. అది నిరుటి చదువుదే అయినా ఈ ఏటి లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే చట్టం చూసేది డబ్బు కట్టిన తేదీని. జూన్‌లో 34,500 కట్టారు. అందులో ట్యూషన్ 22,000, పుస్తకాలు 6,500, బస్సు 6,000. అక్టోబరులో ట్యూషన్ 22,000, బస్సు 6,000. ఎనిమిదో తరగతి మూడో టర్మ్ మాత్రం 2026 ఏప్రిల్‌లో కట్టారు కాబట్టి మరుసటి ఏటికి పోతుంది. అమ్మాయి ట్యూషన్ మొత్తం 56,000.

అబ్బాయి రసీదులో ఒకే వరుస ఉంది: ‘కాలేజీ ఫీజు 1,40,000’. ఇందులో ట్యూషన్ ఎంతో మనం ఊహించి రాయకూడదు. కాలేజీ ఆఫీసులో అడిగితే పద్దులవారీ పత్రం ఇచ్చారు: ట్యూషన్ 48,000, హాస్టల్, మెస్ 86,000, ఇతరాలు 6,000. ఇద్దరికీ కలిపి ట్యూషన్ 1,04,000. ఆ ఏడాది కట్టింది 2,14,500 అయినా లెక్కకొచ్చేది అందులో సగం కంటే తక్కువే.

పద్దు పేరును అన్ని వరుసల్లో ఒకేలా ‘ట్యూషన్’ అని రాస్తే, ఈ సూత్రం ఆ ఏటి మొత్తాన్ని తీసిస్తుంది:

```
=SUMIFS(E2:E40,D2:D40,"ట్యూషన్",A2:A40,">="&DATE(2025,4,1),A2:A40,"<="&DATE(2026,3,31))
```

వచ్చిన అంకె చేతి లెక్క కంటే తక్కువగా ఉంటే గడులను ఒకసారి చూడండి. పీడీఎఫ్ రసీదు నుంచి కాపీ చేసిన మొత్తం రూపాయి గుర్తుతోనో, వెనక ఖాళీతోనో వస్తే షీటు దాన్ని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుని కూడికలో వదిలేస్తుంది. అంకెలు మామూలుగా గడిలో కుడివైపుకు జరుగుతాయి. ఎడమకు అంటుకున్నది అక్షరమన్నమాట. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 8 కాస్తా ఆగస్టు 4 అయిపోతుంది. తేదీలో నెల పేరు కనిపించేలా పెట్టుకుంటే ఈ పొరపాటు వెంటనే పట్టుబడుతుంది. ఎక్కువ వస్తే రసీదు నంబర్లు చూడండి. ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు వచ్చే చెల్లింపు స్లిప్పునూ, తర్వాత బడి ఇచ్చే రసీదునూ రెండుసార్లు ఎక్కించి ఉంటారు.

ఇక 2025–26లో 80సీ కింద అన్నీ కలిపి ఒక్కొక్కరికి పరిమితి 1,50,000. ఈ ఇంటి తండ్రికి పీఎఫ్ కోత 72,000 పోతే మిగిలేది 78,000. ట్యూషన్‌లో 26,000 అతనికి అక్కరకు రాకుండా పోతుంది. తల్లి కూడా ఉద్యోగం చేస్తూ పాత విధానంలోనే ఉంటే, తాను కట్టిన ఫీజుకు తన పరిమితిలో ఆమె మినహాయింపు కోరవచ్చు. ఒకే రూపాయిని మాత్రం ఇద్దరూ చూపకూడదు. అయితే తండ్రి ఖాతా నుంచి పోయిన డబ్బును ఏడాది చివర ఆమె పేరుకు మార్చడం కుదరదు. అక్టోబరు టర్మ్ ట్యూషన్ 22,000 ఆమె ఖాతా నుంచి కట్టి ఉంటే, వృథా అయ్యేది 4,000 మాత్రమే. పద్దుల పట్టిక జూన్‌లోనే మొదలుపెడితే, ఏ టర్మ్ ఎవరి ఖాతా నుంచి కట్టాలో ముందే తేలుతుంది.