చీటీలతో టమాటా బజారు

ఇంటర్ ఎకనామిక్స్ క్లాసులో డిమాండ్, సప్లై పాఠం సాధారణంగా బోర్డు మీద రెండు గీతలతో మొదలవుతుంది. పిల్లలు బొమ్మ దించుకుంటారు, పరీక్షలో మళ్లీ గీస్తారు. మరి ఆ ధర ఎవరు పెట్టారని అడిగితే ప్రభుత్వమనో దళారులనో చెబుతారు. గీతల జోలికి వెళ్లకముందే క్లాసులో ఒక బజారు నడిపిస్తే ఈ ప్రశ్నకు జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

ఇది కొత్త ఆటేమీ కాదు. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ చాంబర్లిన్ తన విద్యార్థులతో ఆడించి, 1948లో ఫలితాలు ప్రచురించాడు. విద్యార్థులు గదిలో తిరుగుతూ ఇద్దరిద్దరుగా బేరమాడుకున్నారు. ధరలు తలోదారి పట్టాయి. అక్కడ ఆడిన వెర్నన్ స్మిత్ తర్వాత తానే అధ్యాపకుడై రెండు సంగతులు మార్చాడు. బేరం అందరికీ వినపడేలా జరగాలన్నాడు, అవే చీటీలతో ఆటను పలుమార్లు ఆడించాడు. దాంతో ధరలు ఒకచోటికి చేరడం మొదలైంది. 1962లో ఆ పరిశోధన అచ్చయింది. 2002లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన క్లాసుకు పనికొచ్చేది స్మిత్ పద్ధతే.

ముప్పై రెండు మంది పిల్లలున్నారనుకుందాం. సగం కొనేవాళ్లు, సగం అమ్మేవాళ్లు. సరుకు ఒక కిలో టమాటా. కొనేవాళ్ల చీటీల మీద 60, 55, 50, 45, 40, 35, 30, 25 అని రాయాలి. అంతకు మించి ఇవ్వకూడదన్నమాట. అమ్మేవాళ్ల చీటీల మీద ఖర్చు 12, 17, 22, 27, 32, 37, 42, 47. అంతకు తగ్గకూడదు. ప్రతి అంకెకూ రెండేసి చీటీలు. చీటీకి, ధరకు మధ్య తేడాయే ఆటగాడి లాభం. బేరం కుదిరిన జంట టీచరు దగ్గరకొచ్చి ధర చెబితే, ఒకరు దాన్ని బోర్డు మీద రాసి గట్టిగా చదవాలి. నాలుగేసి నిమిషాల ఆటలు మూడు చాలు.

చెడేది ఎక్కువగా ఇక్కడే. బేరం కుదరకపోతే ఓడిపోయామనుకుని కొందరు నష్టానికైనా అమ్మేస్తారు. అమ్మకుండా ఉండటమూ తప్పు కాదని ముందే చెప్పాలి. ఇంకొందరు స్నేహితుడికి చీటీ చూపించేస్తారు. మొదటి ఆటలో 28కీ 48కీ కూడా అమ్మకాలు జరగవచ్చు. కంగారుపడి సరైన ధర ఇదీ అని టీచరు నోరు జారితే ఆట అక్కడితో సరి. మామూలుగా మూడో ఆటకల్లా ధరలు 35-37 దగ్గరకు వస్తాయి, పది బేరాలు కుదురుతాయి. అలా రాకపోతే బోర్డు మీది ధరలు పిల్లలకు వినపడటం లేదేమో చూసుకోవాలి.

పీరియడులో సగమైనా చర్చకే ఉంచాలి. మొదటి ప్రశ్న: ఎవరికి బేరం కుదరలేదు, వాళ్ల చీటీలో ఎంతుంది? కొనేవాళ్లలో 35, అంతకంటే తక్కువున్నవాళ్లూ, అమ్మేవాళ్లలో 37, అంతకంటే ఎక్కువున్నవాళ్లూ లేచి నిలబడతారు. బేరం చేతకాక కాదు, చీటీ వల్ల మిగిలిపోయామని వాళ్లకే తెలుస్తుంది. రెండో ప్రశ్న: కిలో 30 అయితే ఎందరు కొంటారు, ఎందరు అమ్ముతారు? చేతులెత్తిస్తే 14 మంది కొనేవాళ్లు, 8 మంది అమ్మేవాళ్లు. 45 అంటే లెక్క తిరగబడుతుంది. ఆ చేతుల లెక్కలనే చుక్కలుగా పెట్టి కలిపితే రెండు గీతలూ వస్తాయి. గీతలు ఇప్పుడు గీయాలి, ముందు కాదు.

తర్వాత వాన పడిందని చెప్పి అమ్మేవాళ్ల ఖర్చులన్నీ 10 పెంచి మళ్లీ ఆడించాలి. ఖర్చు 10 పెరిగింది కాబట్టి ధరా 10 పెరుగుతుందనే పిల్లలు అనుకుంటారు. కానీ ధర 40-42 దగ్గర ఆగుతుంది, బేరాలు ఎనిమిదికి పడిపోతాయి. మిగతా 5 ఎవరి జేబులోంచి పోయింది? ఈ ఆటలో అసలైన ప్రశ్న ఇదే. ధర పెరగగానే 40 చీటీవాళ్లు తప్పుకుంటున్నారు కాబట్టి భారమంతా కొనేవాళ్ల మీదికి నెట్టడం కుదరలేదు. జవాబు రావడానికి సమయం పడుతుంది, టీచరు తొందరపడకూడదు.

చివరగా ఆట పరిమితి మీదే ఒక ప్రశ్న వేయాలి. మదనపల్లె లాంటి టమాటా మార్కెట్‌లో ధర పడిపోయిన రోజున రైతు పెట్టుబడి కంటే తక్కువకే అమ్ముతాడు. మన నియమం ప్రకారం అది కుదరదు కదా? విత్తనానికీ ఎరువుకూ పెట్టింది ఎటూ తిరిగిరాదు. మార్కెట్‌కు చేరిన టమాటా నిల్వ ఉండదు. కోత కూలీ, బండి కిరాయి కూడా అప్పటికే పోయాయి. మరి ఆ రోజు ఆ రైతు చీటీ మీద రాయాల్సిన అంకె ఎంత? కాయ ఇంకా చెట్టుకే ఉంటే ఎంత?