గీతకు ఏ వైపు?

ఒక సిమెంటు బస్తా 50 కిలోలు. గోడలకు పూసే పుట్టీ బస్తా 20 కిలోలది తీసుకుందాం. కొట్టు ముందు నిలబడిన చిన్న ట్రాలీ ఆటో 750 కిలోల వరకు మోస్తుంది. అందులో సిమెంటు ఎన్ని బస్తాలు, పుట్టీ ఎన్ని బస్తాలు వేయొచ్చు?

ఈ ప్రశ్నకు ఒక్క జవాబుండదు. పది సిమెంటు, పది పుట్టీ వేస్తే 700 కిలోలు, బండి మోస్తుంది. పది, పన్నెండు వేస్తే 740, అదీ పర్వాలేదు. పది, పదమూడు అంటే 760, ఇక కుదరదు. ఇలా కుదిరే జతలన్నీ రాసుకుంటూ పోతే, ఖాళీ బండితో కలిపి 312 వస్తాయి. అంత జాబితా రాయడం కంటే వాటన్నిటినీ ఒకే బొమ్మలో చూపడం తేలిక. ఆ బొమ్మే రెండు చరరాశుల అసమీకరణానికి గీసే గ్రాఫు.

సిమెంటు బస్తాల సంఖ్యను x అనీ, పుట్టీ బస్తాల సంఖ్యను y అనీ అనుకుంటే షరతు ఇలా ఉంటుంది: 50x + 20y ≤ 750. అన్నిటినీ పదితో భాగిస్తే 5x + 2y ≤ 75.

ముందు చేయాల్సిన పని, ‘తక్కువ’ అన్నమాటను కాసేపు పక్కనపెట్టి 5x + 2y = 75 అనే సమీకరణాన్ని గీయడం. ఇది బండి సరిగ్గా నిండే హద్దు. సిమెంటు మాత్రమే వేస్తే 15 బస్తాలు పడతాయి కాబట్టి (15, 0) ఒక బిందువు. పుట్టీ మాత్రమే వేస్తే y విలువ 37.5 అవుతుంది. సగం గడి దగ్గర చుక్క పెట్టడం ఇబ్బంది అనిపిస్తే మరో బిందువును వెతుక్కోవచ్చు. x = 5 అయితే 2y = 50, అంటే (5, 25). గీతకు రెండు బిందువులు చాలు. మూడోది సరిచూసుకోవడానికి పనికొస్తుంది. x = 9 అయితే 45 పోగా 30 మిగులుతుంది, y = 15. ఈ (9, 15) కూడా అదే గీత మీద పడితే లెక్క సరిగా ఉన్నట్టు, పడకపోతే మూడింటిలో ఏదో ఒకటి తప్పినట్టు.

గీతను నిండుగా గీయాలా, తెగి తెగి గీయాలా అన్నది గుర్తు చెబుతుంది. మన షరతులో సమానం కూడా ఉంది. సరిగ్గా 750 కిలోలు వేసినా బండి మోస్తుంది. కాబట్టి గీత మీది బిందువులూ జవాబులే, గీత నిండుగా ఉండాలి. ‘750 కంటే తక్కువే ఉండాలి’ అని షరతు పెడితే గుర్తు < అవుతుంది. అప్పుడు తెగిన గీత గీస్తారు. హద్దు ఎక్కడుందో చూపడానికే ఆ గీత; దాని మీది బిందువులు లెక్కలోకి రావు. (15, 0), (5, 25), (9, 15) మూడూ జాబితాలోంచి పోతాయి.

ఇప్పుడు కాగితం రెండు ముక్కలైంది. ఏ ముక్కలో షేడ్ చేయాలి? చాలామంది విద్యార్థులు గుర్తును చూసి తేల్చేస్తారు: ‘తక్కువ’ అంటే గీతకు కింద, ‘ఎక్కువ’ అంటే పైన. మన లెక్కలో అది సరిపోతుంది కూడా. కానీ ఆ అలవాటు ఎక్కడ దెబ్బ తీస్తుందో కాసేపట్లో చూద్దాం. నమ్మదగిన పద్ధతి వేరే ఉంది. గీత మీద లేని ఏదో ఒక బిందువును తీసుకుని, దాని విలువల్ని అసమీకరణంలో పెట్టి చూడటమే. దాన్ని పరీక్ష బిందువు అంటారు. లెక్క తేలిక కాబట్టి సాధారణంగా మూలబిందువు (0, 0)నే తీసుకుంటారు. 5×0 + 2×0 = 0, అది 75 కంటే తక్కువే. షరతు నిలిచింది. కాబట్టి మూలబిందువు ఉన్న వైపునే షేడ్ చేయాలి. ఖాళీ బండి బరువు మీరదన్న సంగతే ఇది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. తలంలో లెక్కలేనన్ని బిందువులుండగా, ఒక్కదాన్ని చూసి ఆ వైపు మొత్తానికీ తీర్పు ఎలా చెబుతాం?

ప్రతి బిందువు దగ్గరా 5x + 2y విలువ ఎంతో రాసి పెట్టుకున్నామనుకోండి. (0, 0) దగ్గర 0, (4, 10) దగ్గర 40, (10, 20) దగ్గర 90. ఒక బిందువు నుంచి మరో బిందువుకు పెన్సిలు ఎత్తకుండా జరిపితే ఈ విలువ కొంచెం కొంచెంగా మారుతుందే తప్ప, ఎక్కడా గెంతదు. 75 కంటే తక్కువ ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటుకు వెళ్లాలంటే దారిలో ఎక్కడో సరిగ్గా 75 తగిలి తీరాలి. 75 ఉన్న చోట్లన్నీ ఎక్కడున్నాయి? మనం గీసిన గీత మీదే. మరెక్కడా లేవు. గీతకు ఒకే వైపున్న రెండు బిందువుల్ని ఎప్పుడైనా గీతను తాకకుండా కలపొచ్చు. కాబట్టి ఒకే వైపున ఒక బిందువు దగ్గర షరతు నిలిచి, ఇంకో బిందువు దగ్గర తప్పడం సాధ్యం కాదు. ఆ వైపు వాళ్లందరి తరఫునా ఒక్క బిందువే సాక్ష్యం చెప్పగలదు.

అవతలి వైపును మళ్లీ పరీక్షించక్కర్లేదు. మూలబిందువు నుంచి తిన్నగా (10, 20) వైపు వెళితే విలువ 0 నుంచి పెరుగుతూ గీత దగ్గర 75కు చేరుతుంది. గీత దాటాక వెనక్కి తగ్గదు, అదే తీరున పెరుగుతూ 90కి చేరుతుంది. సరళరేఖకున్న సుగుణం ఇది: ఒక వైపు తక్కువైతే, రెండో వైపు తప్పకుండా ఎక్కువ.

ఇక రెండో షరతు తెచ్చుకుందాం. మేస్త్రీ పుట్టీ బస్తాలు సిమెంటు బస్తాలకు కనీసం రెట్టింపు ఉండాలన్నాడు. అంటే y ≥ 2x. దీన్నే పాఠ్యపుస్తకం పద్ధతిలో అన్నీ ఒక పక్కకు తెస్తే 2x − y ≤ 0 అవుతుంది. ఇప్పుడు గుర్తును చూసి ‘తక్కువ కాబట్టి గీతకు కింద’ అని షేడ్ చేస్తే పూర్తిగా తలకిందులు. y ముందు రుణ గుర్తు ఉంది. పైకి వెళ్లి y పెరిగేకొద్దీ 2x − y తగ్గుతుంది. కాబట్టి ‘తక్కువ’ వైపు ఇక్కడ గీతకు పైనుంది. షరతు అదే, రాసిన రూపం మారేసరికి గుర్తు దిక్కు మారింది. గుర్తును మాత్రమే నమ్ముకుంటే వచ్చే చిక్కు ఇదే.

సరే, పరీక్ష బిందువు పెడదాం. అలవాటుగా (0, 0) పెడితే 0 ≤ 0 వస్తుంది, నిజమే. అయితే ఏ వైపు నిజం? y = 2x గీత మూలబిందువు గుండానే పోతుంది. అంటే మనం హద్దు మీది బిందువునే సాక్షిగా పిలిచాం. ‘నిజం’ అని వచ్చింది కదా అని తోచిన వైపు షేడ్ చేసేవాళ్లు పొరపడేది ఇక్కడే. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పరీక్షలో రెండు పక్కలా ఒకే సంఖ్య వచ్చిందంటే ఆ బిందువు గీత మీద ఉన్నట్టే, దాన్ని వదిలేసి వేరేది తీసుకోవాలి. (10, 0) తీసుకుంటే 20 − 0 = 20, అది 0 కంటే తక్కువ కాదు. షరతు తప్పింది. కాబట్టి (10, 0) లేని వైపు, అంటే గీతకు ఎడమ పక్కన పైభాగం షేడ్ చేయాలి.

బిందువును గీతకు బాగా దూరంగా ఎంచుకోవడం మంచిది. చేత్తో గీసిన గ్రాఫులో గీత వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా దగ్గరి బిందువు ఏ వైపుందో కంటితో చెప్పలేం. అలాగే విలువల్ని మనం మార్చి రాసుకున్న రూపంలో కాక, మొదట ఇచ్చిన అసమీకరణంలోనే పెట్టాలి. రుణసంఖ్యతో గుణించినప్పుడు గుర్తు తిప్పడం మరిచిపోతే, మార్చిన రూపం ఆ తప్పును తనతోనే మోసుకొస్తుంది. అసలు రూపంలో పెడితే తప్పు బయటపడుతుంది.

రెండు షేడ్‌లూ ఒకే కాగితం మీద పడ్డాక, రెండూ కలిసిన చోటే మనకు కావలసింది. బస్తాల సంఖ్య రుణం కాలేదు కాబట్టి x ≥ 0, y ≥ 0 కూడా ఉంటాయి. మిగిలేది ఒక త్రిభుజం. దాని శీర్షాలు (0, 0), (0, 37.5), ఇంకా రెండు గీతలూ ఖండించుకునే బిందువు. y స్థానంలో 2x పెడితే 9x = 75, కాబట్టి x సుమారు 8.33, y సుమారు 16.67.

మేస్త్రీ మాట తప్పకుండా ఎక్కువలో ఎక్కువ ఎంత సిమెంటు తేవచ్చు? త్రిభుజం కుడి కొస 8.33 దగ్గర ఆగింది. కానీ బస్తాను కోసి తీసుకురాలేం. గ్రాఫు షేడ్ చేసింది నిరంతరంగా ఉన్న ప్రాంతాన్ని. మనకు పనికొచ్చేవి అందులోని పూర్ణసంఖ్యల చుక్కలు మాత్రమే. x = 8 పెడితే పుట్టీ కనీసం 16 ఉండాలి. బరువు షరతు ప్రకారం 40 + 2y ≤ 75, అంటే y 17.5 దాటకూడదు. కాబట్టి 16 గానీ 17 గానీ. ఎనిమిది సిమెంటు, పదిహేడు పుట్టీ వేస్తే 740 కిలోలు. తొమ్మిది సిమెంటు వేస్తే పుట్టీ కనీసం 18 కావాలి, అప్పుడు బరువు 810కి పోతుంది. ఎనిమిదే గరిష్ఠం. ఇలాంటి షరతుల మధ్య గరిష్ఠమో కనిష్ఠమో వెతికే లెక్కలే లీనియర్ ప్రోగ్రామింగ్. సరుకులు రెండే అయితే కాగితం సరిపోతుంది. పదులు, వందల్లో ఉంటే గీసే వీలుండదు. అలాంటి లెక్కల కోసమే 1947లో అమెరికా గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని తయారుచేశాడు.

ఒక చిన్న జాగ్రత్త. ఇలాంటి లెక్కల్లో షరతులు నాలుగైదు ఉంటే కాగితం గీతలతో నిండిపోతుందని, కొందరు కుదరని వైపును షేడ్ చేసి జవాబును తెల్లగా వదులుతారు. బొమ్మ చదివే ముందు గీసినవాళ్లు ఏ పద్ధతి పాటించారో చూసుకోవాలి. తెలియకపోతే ఒక బిందువును పరీక్షిస్తే తెలిసిపోతుంది.

హద్దు సరళరేఖ కానప్పుడు కూడా పరీక్ష బిందువు పనిచేస్తుంది, కానీ ఒక్కటి చాలదు. x² + y² < 25 అంటే హద్దు వృత్తం. వృత్తం లోపల ఒక భాగం, బయట ఒక భాగం. వేటి తీర్పు వాటిదే. (x − y)(x + y) > 0 అంటే హద్దు రెండు గీతలు, భాగాలు నాలుగు. (x − y)² > 0 అయితే మరీ విడ్డూరం. హద్దు y = x అనే మామూలు గీతే, కానీ దానికి రెండు వైపులా షరతు నిజమే అవుతుంది. విలువ గీతను తాకి, అవతల మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఒక వైపు చూసి రెండో వైపు చెప్పలేం. ఒకే పరీక్షతో రెండు వైపులా తీర్పు చెప్పే వెసులుబాటు x, y లు ఏకఘాతంలో ఉన్నప్పుడే. మిగతా చోట్ల హద్దు కాగితాన్ని ఎన్ని భాగాలు చేసిందో చూసి, ఒక్కో భాగం నుంచి ఒక్కో బిందువును పరీక్షించాలి.