దారి మూసుకుపోని నేలమాళిగ

కాలిఫోర్నియాలో చదువుకుంటున్న మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1980 ప్రాంతంలో 'రోగ్' అనే కంప్యూటర్ ఆట తయారుచేశారు. తర్వాత బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ వాళ్లకు తోడయ్యాడు. ఆటగాడు ఒక నేలమాళిగలోకి దిగాలి, ఒక్కో అంతస్తూ దాటుతూ అట్టడుగుకు పోయి, అక్కడున్న తాయెత్తు పట్టుకుని పైకి రావాలి. ఆటలో బొమ్మలేమీ ఉండవు, అన్నీ అక్షరాలూ గుర్తులే. తెర మీద @ కనిపిస్తే అది ఆటగాడు. గోడలకు | గీతలు, తలుపుకు +, నడవకు #, కిందికి దిగే మెట్లకు %.

ఈ ఆటను ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకోవడానికి కారణం అందులోని నేలమాళిగ. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ గదులూ నడవలూ మెట్లూ కొత్తగా పుడతాయి. వాటిని ముందుగా ఎవరూ గీసి పెట్టరు, అప్పటికప్పుడు కంప్యూటరే పాచికలు వేసుకుంటూ గీస్తుంది. కాబట్టి ఆట రాసినవాళ్లకు కూడా వచ్చే అంతస్తు ఎలా ఉంటుందో తెలియదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. మనిషి గీసిన పటాన్ని ఆటగాడి చేతికి వెళ్లేముందు ఎవరో ఒకరు ఆడి చూస్తారు. అప్పటికప్పుడు పుట్టిన పటాన్ని మొదట చూసేవాడు ఆటగాడే. మెట్లున్న గదికి దారే పడకపోతే అతను గోడల వెంట తడుముకుంటూ గంటలు గడుపుతాడు. తనకే దారి దొరకడం లేదా, అసలు దారే లేదా అన్నది అతనికి ఎప్పటికీ తేలదు. ఒకసారి అలా మోసపోయినవాడు ఆ తర్వాత నిజంగా కష్టమైన చోట కూడా ఆటనే అనుమానిస్తాడు. అందుకే ఎంత వింత పటం పుట్టినా సరే, అది పూర్తిచేయగలిగేదిగా ఉండి తీరాలి.

రోగ్ ఈ పని ఎలా చేసిందో చూద్దాం. అప్పటి తెర మీద 80 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసలు ఉండేవి. దాన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేస్తే తొమ్మిది గళ్లు వస్తాయి. ఒక్కో గడిలో ఒక్క గదే ఉంటుంది. గది పొడవు, వెడల్పు, అది గడిలో ఏ మూలన ఉండాలన్నది పాచికలే తేలుస్తాయి గానీ, గడి హద్దు మాత్రం దాటకూడదు. దాంతో ఒక గది ఇంకో గది మీద పడే ప్రమాదం పుట్టకముందే పోయింది. గళ్లు లేకుండా తెర మీద ఎక్కడపడితే అక్కడ గదిని వేసి చూసి, పాత గది మీద పడితే చెరిపేసి మళ్లీ వేసే పద్ధతి కూడా ఉంది. చాలా ఆటలు అదే వాడతాయి. పటం మరింత సహజంగా కనిపిస్తుంది, నిజమే. కానీ అక్కడ నడవ గీసేటప్పుడు మధ్యలో మూడో గది అడ్డం రావచ్చు. గళ్ల పద్ధతిలో పక్కపక్క గదుల మధ్య ఇంకేదీ ఉండదు కాబట్టి ఆ బెడద లేదు. తొమ్మిదీ ఎప్పుడూ నిండుగా ఉంటే విసుగనిపిస్తుందని రోగ్ మూడు గదుల దాకా మాయం చేస్తుంది. మాయమైన గది చోటు నుంచి నడవ మాత్రం పోతుంది.

ఇక గదులను కలపడం. పై వరుసలో 1, 2, 3, మధ్య వరుసలో 4, 5, 6, కింది వరుసలో 7, 8, 9 అని గదులకు అంకెలు వేసుకుందాం. కంప్యూటర్ ఏదో ఒక గదిని ఎంచుకుంటుంది, 4 అనుకోండి. దాని పక్కనున్న 1, 5, 7లలో పాచిక 7ను చూపించింది. 4 నుంచి 7కు నడవ పడింది, రెండూ 'కలిసిన గదులు' అయ్యాయి. ఇప్పుడు 7 దగ్గర నిలబడి, ఇంకా కలవని పక్క గదిని వెతకాలి. అలా 8, తర్వాత 5, తర్వాత 2, తర్వాత 1 కలిశాయి. 1కి పక్కనున్నవి 2, 4 మాత్రమే, అవి రెండూ ఇప్పటికే కలిసిపోయాయి. ముందుకు పోయే వీలులేదు. అప్పుడు కంప్యూటర్ కలిసిన గదుల్లోనే ఇంకోదానికి వెళ్తుంది, 8కి వెళ్లిందనుకుందాం. అక్కడి నుంచి 9, 6, 3. తొమ్మిది గదులూ అయిపోయాయి, ఎనిమిది నడవలు పడ్డాయి.

ఇందులో నాకు బాగా నచ్చేది, విడిగా పరీక్ష అవసరం లేకపోవడం. కొత్త గది ఎప్పుడు చేరినా, అప్పటికే కలిసిన గది నుంచి నడవ వేసుకునే చేరుతుంది. కాబట్టి ఏ దశలో ఆపి చూసినా కలిసిన గదులన్నీ ఒకదానికొకటి అందుతూనే ఉంటాయి. పాచికలు ఎలా పడినా గదుల వరస మారుతుంది గానీ ఆ మాట మారదు.

కానీ ఎనిమిది నడవలతోనే ఆపితే ఆట చప్పగా ఉంటుంది. ఏ రెండు గదుల మధ్య చూసినా ఒక్కటే దారి, చివరి గదికి పోతే వచ్చిన దారినే వెనక్కి రావాలి. రాక్షసుడు తరిమితే చుట్టూ తిరిగి తప్పించుకునే వీలుండదు. అందుకే రోగ్ చివర్లో నాలుగు దాకా అదనపు నడవలు వేస్తుంది. మన పటంలో 4కూ 5కూ మధ్య ఒకటి పడిందనుకుందాం. ఉన్న దారిని అది తెంపదు కాబట్టి భయం లేదు. లోతైన అంతస్తుల్లో కొన్ని తలుపులు గోడలాగే కనిపించేలా దాచేస్తుంది కూడా. అయినా దారి మూసుకుపోయినట్టు కాదు, ఎందుకంటే గోడల్ని వెతికే మీట ఆటగాడి చేతిలోనే ఉంది. పూర్తిచేయగలగడం అన్నది పటాన్ని బట్టి మాత్రమే తేలదు, ఆటగాడు ఏమేం చేయగలడన్న దాన్ని బట్టి తేలుతుంది.

తాళాలు వచ్చేసరికి ఈ తేడా పెద్దదవుతుంది. రోగ్‌లో తాళం వేసిన తలుపుల్లేవు, తర్వాతి ఆటల్లో వచ్చాయి. పై పటంలోనే ఆటగాడు 4లో మొదలుపెడతాడు, మెట్లు 3లో ఉన్నాయి అనుకుందాం. 8కీ 9కీ మధ్య ఎర్ర తాళం వేశాం. దాంతో పటం రెండు ముక్కలైంది: ఇవతల 4, 7, 8, 5, 2, 1, అవతల 9, 6, 3. ఎర్ర చెవి ఇవతలి ఆరు గదుల్లో ఎక్కడున్నా పరవాలేదు. ఇప్పుడు ఎవరో గమనించకుండా 5కూ 6కూ మధ్య అదనపు నడవ వేశారు. ఆటగాడు చిక్కుకోడు గానీ, తాళాన్ని తాకకుండానే మెట్లు చేరతాడు, తాళం ఉత్త అలంకారమైపోతుంది. అందుకే అదనపు నడవలు తాళానికి ఒకే వైపున్న గదుల మధ్యే పడాలి. 4కూ 5కూ మధ్య వేసింది ఈ నియమానికి సరిపోతుంది.

ఇంకో తాళం చేర్చుదాం. 5కూ 2కూ మధ్య నీలం తాళం. ఎర్ర చెవిని 1లో పెట్టారు, నీలం చెవిని 6లో పెట్టారు. కాగితం మీద చూస్తే గదులన్నీ కలిసే ఉన్నాయి, చెవులు రెండూ పటంలోనే ఉన్నాయి. ఆడి చూస్తే మాత్రం 4, 7, 8, 5 తప్ప ఇంకెక్కడికీ పోలేరు. ఎర్ర చెవి నీలం తలుపు వెనక, నీలం చెవి ఎర్ర తలుపు వెనక! 'గదులన్నీ కలిశాయా' అని మాత్రమే అడిగే పరీక్ష ఈ పటాన్ని కళ్లు మూసుకుని పాస్ చేస్తుంది.

అలాంటి పటాన్ని పట్టుకోవాలంటే పరీక్ష కూడా ఆటగాడిలాగే నడవాలి. మొదటి గదిలో నీళ్లు పోస్తే ఎలా పాకుతాయో అలా తెరిచి ఉన్న ప్రతి నడవలోకీ వెళ్లి, అందిన గదులన్నీ గుర్తుపెట్టుకోవాలి. దారిలో చెవి దొరికితే దాని తలుపు తెరిచి మళ్లీ సాగాలి. కొత్త గది గానీ కొత్త చెవి గానీ దొరకని చోట ఆగి, మెట్లు అందాయా లేదా చూడాలి. పై పటంలో ఈ పరీక్ష నాలుగు గదుల దగ్గరే ఆగిపోతుంది, తప్పు బయటపడుతుంది. నీలం చెవిని 6 నుంచి 7కు మార్చి మళ్లీ నడిపితే సాఫీగా సాగుతుంది. 7లో నీలం చెవి, 1లో ఎర్ర చెవి, వెనక్కి వచ్చి 8, 9, 6 మీదుగా 3లో మెట్లు. ఇంకా మంచి పద్ధతి, ఈ నడకనే చెవులు పెట్టడానికి కూడా వాడుకోవడం. తాళం వేసిన వెంటనే, ఆ తలుపు తెరవకుండా అందే గదుల జాబితా తీసి, అందులోంచే చెవికి చోటు ఎంచుకుంటే అడ్డగోలు పటం అసలు పుట్టదు.

ఈ పరీక్షకు కూడా దొరకని తప్పు ఒకటుంది. రంగుల్లేకుండా ఏ తలుపుకైనా పనికొచ్చే చెవులు, ఒక్కసారి వాడితే అయిపోయేవి, అనుకోండి. 7లో ఒక్కటే చెవి ఉంది. 2, 1 గదుల్లో నిధి తప్ప ఏమీ లేదు. ఆ చెవితో 8 దగ్గరి తలుపు తెరిచినవాడు మెట్లు చేరతాడు. నిధి కోసం 5 దగ్గరి తలుపు తెరిచినవాడు ఎప్పటికీ చేరడు. చేరే దారి ఒక్కటైనా ఉందా అని చూసే పరీక్ష సరేనంటుంది, ఎందుకంటే ఒకటి ఉంది. అడగాల్సింది వేరే: ఆటగాడు ఏ వరసలో తలుపులు తెరిచినా చేరగలడా? రెండు తలుపులైతే రెండు వరసలూ నడిపి చూడడం తేలిక. తలుపులు పెరిగేకొద్దీ వరసలు విపరీతంగా పెరుగుతాయి. ఆ లెక్కలో పడకుండా, మెట్ల వైపు తీసుకుపోని ప్రతి తలుపు వెనకా ఒక చెవి తిరిగి దొరికేలా పెట్టడం నా దృష్టిలో మేలైన పని. మన పటంలో 1లో ఇంకో చెవి పెడితే చాలు, ముందు ఏ తలుపు తెరిచినా ఇబ్బంది రాదు.

పరీక్ష ఎప్పుడు చేస్తున్నామన్నది కూడా ముఖ్యం. గదులూ నడవలూ వేయగానే పరీక్షించి, ఆ తర్వాత అందం కోసం చెరువులూ రాళ్లగుట్టలూ చేరిస్తే, అవి నడవకు అడ్డంగా పడి పటాన్ని తెంపేయొచ్చు. బ్రయన్ వాకర్ 2009లో విడుదల చేసిన 'బ్రోగ్' ఆటలో చెరువు పెట్టబోయే ముందే, అక్కడ నీళ్లుంటే మిగతా నేల రెండు ముక్కలవుతుందా అని చూస్తారు. అవుతుందంటే ఆ చోటు వదిలేస్తారు.

పాచికలన్నీ ఒక్క అంకె నుంచి మొదలవుతాయి, దాన్ని సీడ్ అంటారు. అదే సీడ్ ఇస్తే, ప్రోగ్రామ్ మారనంతవరకూ అదే పటం మళ్లీ వస్తుంది. తయారీదారులకు ఇది పెద్ద ఆసరా. రాత్రికి రాత్రి వేల సీడ్లతో పటాలు పుట్టించి, ఒక్కోదాని మీద ఆ నడక నడిపిస్తారు. ఎక్కడ ఆగిపోయిందో ఆ సీడ్ రాసుకుని, పొద్దున అదే పటాన్ని తెర మీద తెరిచి కారణం వెతుకుతారు. ఆటగాడి ముందు కూడా ఈ నడక ఉంటుంది: పటం పరీక్షలో పోతే పారేసి కొత్తది గీస్తారు. ఇన్నిసార్లకు మించి గీయకూడదని ఒక హద్దు పెట్టుకోవడం తప్పనిసరి, లేకపోతే ఎప్పటికీ పాసవ్వని నియమాలు పెట్టిన రోజు ఆట తెర మీద బిగుసుకుపోతుంది. ఆ హద్దు దాటితే ఇవ్వడానికి మనిషి చేత్తో గీసి ఆడి చూసిన సాదా పటం ఒకటి సిద్ధంగా ఉంచుకుంటారు.