62కీ 42కీ మధ్య

సర్ ఫిలిప్ హార్టాగ్ పేరు మన దేశపు విద్యారంగానికి కొత్తది కాదు. ఢాకా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. 1929లో భారతీయ విద్య మీద నివేదిక ఇచ్చిన హార్టాగ్ కమిటీ కూడా ఆయనదే. ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక, ఇ.సి. రోడ్స్ అనే గణాంక శాస్త్రవేత్తతో కలిసి ఆయన పరీక్షలకే పరీక్ష పెట్టారు. దాని ఫలితాలు 1935లో వెలువడ్డాయి. అందులో చరిత్ర పేపర్లతో చేసిన ప్రయోగం దిద్దే పని చేసే ప్రతివారికీ తెలిసి ఉండాలి.

స్కూల్ సర్టిఫికెట్ చరిత్ర పరీక్షలో అచ్చంగా ఒకే మార్కు, అదీ మధ్యస్థమైన మార్కు, వచ్చిన 15 జవాబు పత్రాలను వాళ్లు ఏరారు. పాత మార్కులు కనబడకుండా చేసి, అనుభవమున్న 15 మంది ఎగ్జామినర్లకు ఒక్కొక్కరికీ ఆ పదిహేనూ ఇచ్చారు. అన్నిటికీ ఒకే మార్కు రావలసిన చోట నలభైకి పైగా రకాల మార్కులు వచ్చాయి. అంతటితో ఆపలేదు. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటాక, వాళ్లలో 14 మందికి అవే పత్రాలను మళ్లీ ఇచ్చారు. మొత్తం 210 తీర్పుల్లో 92 తారుమారయ్యాయి. ఫెయిల్ అన్నవాళ్లే పాస్ అన్నారు, పాస్ అన్నవాళ్లే క్రెడిట్ అన్నారు. మనిషికీ మనిషికీ పొంతన కుదరకపోవడం అటుంచితే, ఒకే మనిషి తన పాత తీర్పుతోనే ఏకీభవించలేకపోయాడు.

ఇదంతా ఎప్పటి మాటో అనుకోనక్కర్లేదు. వ్యాసం రాయించి మార్కులు వేసే ప్రతి పరీక్షలోనూ నేటికీ ఇదే చిక్కు. అందుకే పెద్ద పరీక్షల్లో ఒక పేపరును ఇద్దరి చేత దిద్దిస్తారు. ఇద్దరి మధ్య తేడా నిర్ణీత హద్దు దాటితే మూడోవారికి పంపుతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ మూడో మనిషి దగ్గరికి పంపేముందు, తేడా ఏ రకందో చూడకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నూరు మార్కుల చరిత్ర పేపరు, ఆరు జవాబు పత్రాలు. మొదటి ఎగ్జామినరు వరసగా 62, 58, 51, 47, 44, 38 వేశారు. రెండోవారు అవే పత్రాలకు 50, 46, 40, 36, 31, 25 వేశారు. చూడగానే గుండె గుభేలుమంటుంది. ఒకరి సగటు 50, రెండోవారిది 38. అయినా కాస్త నిదానంగా చూస్తే ఇది భయపడవలసిన తేడా కాదు. ప్రతి పత్రంలోనూ తేడా 11 నుంచి 13 లోపే ఉంది. ఎవరు మెరుగు, ఎవరు వెనుక అన్న విషయంలో ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. ఒకరిది ఉదారమైన చెయ్యి, ఒకరిది బిగువైన చెయ్యి, అంతే. ఈ తేడాను లెక్కతోనే సరిచేయవచ్చు. బిగువుగా వేసినవారి కట్టకు కలపడమో, ఉదారంగా వేసినవారి కట్టలో తగ్గించడమో చేస్తే సరిపోతుంది.

ఏది చేయాలో మాత్రం ఆ ఆరు పత్రాలూ చెప్పవు. అది తేల్చడానికి మూడో కొలత కావాలి. దిద్దడం మొదలయ్యే ముందే చీఫ్ ఎగ్జామినర్లు కూర్చుని, కొన్ని పత్రాలను చదివి, చర్చించి, వాటికి మార్కు ఖాయం చేసి పెట్టుకోవాలి. వాటి నకళ్లను మామూలు పత్రాల్లో కలిపి ఇద్దరికీ ఇవ్వాలి. 45 అని ఖాయం చేసిన దానికి ఒకరు 46, మరొకరు 34 వేస్తే, ఎవరి చెయ్యి పక్కకు పోయిందో తెలిసిపోతుంది. అలాంటి పత్రం ఒక్కటి చాలదు. మంచి జవాబు, మధ్యస్థం, బలహీనం మూడు రకాలూ ఉండాలి. ఎందుకంటే కొందరు బలహీనమైన జవాబుకు అందరిలాగే వేసి, మంచి జవాబు దగ్గర మాత్రం చెయ్యి బిగిస్తారు. వాళ్ల కట్టకు గంపగుత్తగా 12 కలిపితే బాగా రాసినవాడికి తక్కువ, రాయనివాడికి ఎక్కువ ముడుతుంది.

ఇప్పుడు అవే ఆరు పత్రాలకు మరో ఎగ్జామినరు 42, 60, 37, 55, 33, 49 వేశారనుకుందాం. వీరి సగటు 46. మొదటివారి 50కి దగ్గరగానే ఉంది కాబట్టి, సగటులు మాత్రమే చూసే ఆఫీసుకు ఇక్కడ ఇబ్బందేమీ కనబడదు. కానీ మొదటి పత్రానికి ఒకరు 62, మరొకరు 42. ఆరో పత్రానికి 38, 49. వరసే చెదిరిపోయింది. ఇది చేతి బిగువు సంగతి కాదు. మంచి జవాబంటే ఏమిటన్న దగ్గరే ఇద్దరూ విడిపోయారు. దీన్ని ఏ కూడికా తీసివేతా సరిచేయలేవు.

ఇలాంటిచోట మూడోవారికి పంపి, మూడు మార్కుల్లో దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీసుకునే పద్ధతి ఒకటుంది. మొదటి పత్రానికి మూడోవారు 50 వేస్తే, దగ్గరివి 42, 50. సగటు 46. అదే 54 వేస్తే దగ్గరివి 54, 62. సగటు 58. మూడో ఎగ్జామినరు వేసిన నాలుగు మార్కుల తేడా విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి పన్నెండు మార్కులైంది. ఒక ఉద్యోగం రావడానికీ పోవడానికీ అది చాలు. ఆ కుర్రాడి జవాబులో ఒక్క అక్షరం కూడా మారలేదు.

అందుకే మొదట చేయవలసింది మొత్తాలను పక్కన పెట్టి ప్రశ్నలవారీ మార్కులు చూడటం. మన మొదటి పత్రంలో ఒక్కోటి 20 మార్కుల చొప్పున అయిదు ప్రశ్నలున్నాయి. మొదటివారు 14, 13, 12, 12, 11 వేశారు. రెండోవారు 12, 11, 3, 10, 6 వేశారు. 20 మార్కుల తేడాలో తొమ్మిది మూడో ప్రశ్నలోనే ఉంది, అయిదు అయిదో ప్రశ్నలో.

అయిదోది తీసి చూస్తే, జవాబు సగంలో ఆగి అడిషనల్ షీటులో కొనసాగింది. రెండోవారి ఎర్ర సిరా ఆ షీటు మీద ఎక్కడా లేదు. పేజీ చూడలేదన్నమాట. ఇది అభిప్రాయ భేదం కాదు, పొరపాటు. దిద్దని భాగాన్ని దిద్దిస్తే 6 కాస్తా 10 అయింది.

మూడోది అసలైన చర్చ. ప్రశ్న ఇదీ: సాలార్‌జంగ్ సంస్కరణలు నిజాం రాజ్యపాలనను ఎంతవరకు మార్చాయి? ఈ విద్యార్థి 1853లో దివాన్ పదవి దగ్గర మొదలుపెట్టి, బేరార్‌ను ఇంగ్లీషువారికి అప్పగించడం, జిలాబందీ, హాలీ సిక్కా, దార్-ఉల్-ఉలూమ్ అన్నీ పొందికగా రాశాడు. కానీ 'ఎంతవరకు' అన్నదానికి ఒక్క వాక్యం కూడా లేదు. మొదటివారు ఒక్కో సంస్కరణకూ ఇన్ని మార్కులని లెక్కవేసి 12 ఇచ్చారు. రెండోవారు ప్రశ్నకు జవాబే లేదని 3తో సరిపెట్టారు.

నాలుగో పత్రంలో ఇదే ప్రశ్నకు జవాబు పేజీన్నరే. సంస్కరణలు నాలుగు మాటల్లో ముగించి, దివానీ ప్రాంతంలో పన్ను వసూలు తీరు మారిందనీ, జాగీర్లూ పాయిగాలూ నిజాం సొంత భూములైన సర్ఫె-ఖాసూ మాత్రం దాదాపు అలాగే ఉండిపోయాయనీ, కాబట్టి మార్పు రాజ్యమంతటా ఒకేలా లేదనీ వాదించాడు. దీనికి మొదటివారు 6, రెండోవారు 15. రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చదివితే గానీ ఇద్దరూ ఏం కొలుస్తున్నారో తెలియదు. ఒకరు సమాచారాన్ని కొలిచారు, మరొకరు వాదనను కొలిచారు. మార్కుల విధానంలో ఏ స్థాయి జవాబుకు ఎంతన్నది రాసి ఉండకపోతే ఇద్దరినీ తప్పు పట్టలేం.

మోడరేటరు పని ఇక్కడే. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి హద్దులు గీయాలి. సమాచారం నిండుగా ఉండి తీర్పు లేని జవాబు 10 దాటకూడదు, అలాగని 7కు తగ్గకూడదు. వాదన ఉండి దానికి ఆధారాలు చూపిన జవాబు 11 పైన మొదలవ్వాలి. ఆ హద్దుల ప్రకారం మొదటి పత్రానికి 9, నాలుగో పత్రానికి 13 తేలాయి. ఆ నియమం ఆ రెండింటికే పరిమితమైతే అన్యాయం. కట్టలో ప్రతి పత్రంలోనూ ఆ ప్రశ్నను మళ్లీ దిద్దాలి.

ఇదయ్యాక మొదటి పత్రం మార్కులు ఒకరి లెక్కలో 59, మరొకరి లెక్కలో 52. మిగిలిన ఏడు మార్కుల తేడా ప్రశ్నకు ఒకటి రెండు చొప్పున పరుచుకుని ఉంది. అంటే అది మామూలు చేతి బిగువే. ఇప్పుడు సగటు తీస్తే, 55.5కు ఒక అర్థం ఉంది. మొదటే 62, 42ల సగటు తీసి 52 అని ఉంటే, చూడని పేజీ సగానికి సగం అందులోనే దాగి ఉండేది.

మన సుప్రీంకోర్టు ఈ విషయంలో చెప్పినది చదవదగ్గది. ఉత్తరప్రదేశ్ సివిల్ జడ్జీల పోస్టుల వివాదంలో, సంజయ్ సింగ్ కేసుగా పేరుపడిన 2007 తీర్పులో, అందరూ రాసింది ఒకే సబ్జెక్టు అయినప్పుడు, పత్రాలు వేరువేరు ఎగ్జామినర్లకు వెళ్లాయన్న కారణంతో గణాంక సూత్రంతో మార్కులు మార్చడం తగదంది. హెడ్ ఎగ్జామినరు మచ్చుపత్రాలు చూసి, బిగువుగానో ఉదారంగానో వేసినవారి మార్కులను సవరించాలి. నిలకడ లేకుండా వేసినవారి పత్రాలను మాత్రం మళ్లీ దిద్దించాలి. లెక్కతో పోయే తేడాకూ పోని తేడాకూ మధ్య గీతను ఆ తీర్పు స్పష్టంగా గీసింది. 2025 సెప్టెంబరులో తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ ఫలితాలను రద్దుచేస్తూ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం మోడరేషన్ కోసం చూపించింది ఈ తీర్పునే. అదే నెలలో ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది.

రెండోసారి దిద్దేవారికి మొదటివారి మార్కులు కనబడకూడదన్నది పాత నియమమే. కనబడితే చెయ్యి తెలియకుండానే అటు మొగ్గుతుంది. తేడా తగ్గుతుంది, కొలత మాత్రం మెరుగుపడదు. ఇద్దరు ఎగ్జామినర్ల పద్ధతిలో ఇంతకంటే లోతైన లోపం ఒకటుంది. తేడా హద్దు దాటిన పత్రాలే మూడోవారి దగ్గరికి వెళతాయి కదా. ఒక కట్ట చెయ్యి బిగువైన ఇద్దరికీ పడితే వాళ్లు 38, 36 వేస్తారు. తేడా రెండే మార్కులు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. పక్క కట్టలో 62, 42 పడినవాడికి మూడోసారి చూసే అదృష్టం దక్కింది, వీడికి అదీ లేదు. ముందే ఖాయం చేసిన పత్రాలను తేడా వచ్చిన కట్టల్లోనే కాక ప్రతి కట్టలోనూ కలపాలనడానికి కారణం ఈ కుర్రాడే. 45 పత్రానికి ఆ ఇద్దరూ 34, 33 వేసినట్టు బయటపడితే, ఎక్కడా ఫిర్యాదు లేని ఆ కట్టను కూడా వెనక్కి తెప్పించాల్సి ఉంటుంది.